నాన్నకు 56 వచ్చాయని పాలసీ మానేస్తారా?

ప్రశ్న: నా వయసు 32. గాజువాకలో ఉంటాం. ఆరేళ్ల కిందట ఉద్యోగం వచ్చిన కొత్తలో అమ్మానాన్నలతో కలిపి ఫ్లోటర్ హెల్త్ పాలసీ తీసుకున్నాను. తర్వాత నా భార్యను, పాపను అందులోనే చేర్చాను. అందరికీ కలిపి 10 లక్షల కవర్. కిందటేడాది 39,000 కట్టాను, ఈసారి 51,500 అంటున్నారు. జీఎస్టీ తీసేశారు కదా, అయినా ఇంతా? ఇప్పటిదాకా ఒక్క క్లెయిమ్ కూడా లేదు. నాన్నకు ఈమధ్యే 56 వచ్చాయి, రెండేళ్లుగా షుగర్ ఉంది. పాలసీ మానేసి ఆ డబ్బు నెలనెలా దాచుకుందామని, మరీ అవసరమైతే పర్సనల్ లోన్ తీసుకుందామని అనుకుంటున్నాం. సరైనదేనా?

జవాబు: కాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి, అన్నింట్లోనూ ఒకే పొరపాటు. ఎన్నాళ్లో కట్టి, అసలు అవసరం మొదలయ్యే వయసులో మానేయడం. ప్రీమియం ఎందుకు పెరుగుతుందో తెలిస్తే ఆ ఆలోచన రాదు. మా ఇంట్లోనూ ఈ గొడవ జరిగింది కాబట్టి అదే చెబుతాను.

మా నాన్న రిటైర్డ్ టీచరు, ఇప్పుడు 68. సీతమ్మధారలో మా ఇంటి వరండాలో కూర్చుని రెన్యువల్ నోటీసు నా ముందు పడేశారు.

"ఏట్రా ఇది? ఒక్క రోజు ఆసుపత్రిలో పడుకోలేదు. మరి నాకెందుకు పెంచాలి?"

"నీ ఒక్కడి లెక్క కాదు నాన్నా. నీ వయసు వాళ్లందరి లెక్క."

"వాళ్ల రోగాలకు నేనెందుకు కట్టాలి?"

నేనేం చెప్పినా వినేలా లేరు. అప్పుడు ఆయన పాత నోటుబుక్కు గుర్తొచ్చింది. ఆయన స్కూల్లో పనిచేసేటప్పుడు తోటి టీచర్లు నలభై మంది కలిసి ఒక నిధి పెట్టుకున్నారు. మనిషికి ఏడాదికి 600, ఎవరు ఆసుపత్రిలో చేరితే వాళ్లకు ఖర్చు ఇవ్వాలి. లెక్కలు రాసేది నాన్నే. బీరువాలోంచి తీయించాను. ఎర్ర సిరాతో గీతలు కొట్టిన పేజీలు, అంచులు చెదలు తిన్నాయి.

"1998లో ఎంతమందికి ఇచ్చారు?"

"ఇద్దరికి. తలా ఆరు వేలు. మొత్తం పన్నెండు. సగం మిగిలింది."

"అంటే నలభై మందికి పంచితే మనిషికి 300 ఖర్చు. 2012లో?"

పేజీలు తిప్పారు. "తొమ్మిది మంది. సగటున పద్నాలుగు వేలు. లక్షా ఇరవయ్యారు."

"నలభై మందికి పంచు."

చివరి అట్ట మీద వేసి చూసుకున్నారు. "మూడు వేల నూట యాభై."

"పదిన్నర రెట్లు. మనుషులు వాళ్లే, జబ్బులు మాత్రం ఇద్దరి నుంచి తొమ్మిది మందికి వెళ్లాయి. బిల్లు కూడా పెరిగింది. కొంత ఆసుపత్రి రేట్ల వల్ల, కొంత వయసు వల్ల. నలభై ఏళ్లవాడు మూడో రోజు ఇంటికొచ్చేస్తే, యాభై దాటినవాడిని షుగర్ అదుపులోకి వచ్చేదాకా వారం ఉంచుతారు. జబ్బుపడేవాళ్ల సంఖ్య, మనిషికయ్యే బిల్లు, ఈ రెండూ ఒకదాన్నొకటి హెచ్చిస్తాయి, కూడవు. కంపెనీ చేసేదీ ఈ లెక్కే."

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే అందుకున్నారు. "ఆ ఏడాది చందా పెంచుదామంటే బాగున్నవాళ్లు పది మంది మానేశార్రా. ఆ తొమ్మిది మందిలో ఒక్కడూ కదల్లేదు. ముప్పై మంది మీద పడింది, తలకు 4,200. మరుసటి ఏడాది ఇంకొందరు పోయారు. నిధి మూసేశాం."

మీ ఉత్తరంలో మీరు చేయబోతున్నది ఆ పది మంది చేసిన పనే. పాలసీ మానేసే ఆరోగ్యవంతులు వెళ్లిపోతే మిగిలినవాళ్ల మీద భారం పెరుగుతుంది. వయసుతో ప్రీమియం పెరగడానికి ఇదీ ఒక కారణం.

నాన్న అంతటితో వదల్లేదు. "మరి నీ టర్మ్ పాలసీ ప్రీమియం ఏళ్లుగా అంతే ఉందేం?"

"అది చావు లెక్క. ఇవ్వాల్సిన మొత్తం ముందే కాగితం మీద ఉంది, ఏ వయసులో ఎంతమంది పోతారో ఒక అంచనా ఉంది. అందుకే అన్నేళ్లకూ సగటు తీసి మొదట్లోనే కొంచెం ఎక్కువ వసూలు చేస్తారు. 2045లో మోకాలి ఆపరేషన్‌కు ఎంతవుతుందో ఎవరికి తెలుసు? అందుకే హెల్త్ పాలసీ ఏడాదికో ఒప్పందం. నువ్వు క్లెయిమ్ చేయని ఏళ్ల డబ్బు ఆ ఏడాది ఆసుపత్రిలో ఉన్నవాడికి వెళ్లిపోయింది. అది నీ పేరున దాచిన డబ్బు కాదు."

ఇక మీ విషయానికి వస్తే, 39,000 ఒక్కసారిగా 51,500 అవడానికి మొదటి అనుమానం మీ నాన్నగారి పుట్టినరోజు మీదే. చాలా కంపెనీలు వయసును బట్టి ప్రీమియానికి ఐదేళ్లకో మెట్టు కడతాయి. 55 దాటి 56లోకి అడుగుపెడితే లెక్కకు కొత్త మెట్టు. పైగా ఫ్లోటర్‌లో సాధారణంగా ప్రీమియం తేల్చేది అందరికన్నా పెద్ద వయసు. అంటే మీరు, మీ భార్య, పాప కూడా ఆయన వయసు ధరకే నడుస్తున్నారు. ఒకే పాలసీ చవకన్న మాటతో పెద్దవాళ్లనూ పిల్లలనూ ఒకే బండి ఎక్కించడమే మీ ఉత్తరంలో నాకు కనిపించిన అసలు తప్పు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ పోయిన మాట నిజమే, కానీ ఈ మెట్టు దాన్ని మింగేసింది.

మానేస్తే ఏం పోతుందో చూడండి. నాన్నగారికి షుగర్ పాలసీ తీసుకున్నాక వచ్చింది కాబట్టి ఇప్పుడు దానికి వెయిటింగ్, అంటే క్లెయిమ్ కోసం ఆగాల్సిన గడువు, లేదు. రేపు కొత్త పాలసీ కొనబోతే అదే ముందునుంచీ ఉన్న జబ్బు అవుతుంది, మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. ప్రీమియం పెంచొచ్చు, అసలు ఇవ్వకనూ పోవచ్చు. ఐదేళ్లు దాటిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు చెప్పలేదంటూ క్లెయిమ్ తిరస్కరించడానికి వీల్లేదు. ఆరేళ్లు కట్టి సంపాదించుకున్న ఆ రక్షణా పోతుంది. క్లెయిమ్ లేని ఏళ్లకు బోనస్ కవర్ చేరి ఉంటే అదీ పోతుంది.

ఇక ఆ దాచుకోవడం. 51,500ను నెలనెలా దాస్తే రెండేళ్లకు లక్షా మూడు వేలు. ఈలోపు స్టెంట్ వేయాల్సి వస్తే విశాఖలోని కార్పొరేట్ ఆసుపత్రిలో అది చాలడం కష్టం. అప్పుడు పర్సనల్ లోన్ అంటున్నారు! తండ్రిని ఐసీయూలో పెట్టుకుని ఫోన్‌లో అప్పు యాప్ తెరిచినవాడు వడ్డీ ఎంతో చూడడు, ఏళ్ల తరబడి ఈఎంఐ కడతాడు. దయచేసి ఆ మాట ఇంట్లో మళ్లీ ఎత్తకండి.

చేయాల్సింది పాలసీని విడదీయడం. రెన్యువల్ తేదీకి కనీసం నెలన్నర ముందే కంపెనీకి మెయిల్ పెట్టండి: అమ్మానాన్నలకు ఒక ఫ్లోటర్, మీ ముగ్గురికి ఇంకొకటి, ఎవరు ఎన్నేళ్లుగా ఉన్నారో ఆ ఏళ్లు కొత్త పాలసీలోనూ లెక్కలోకి వచ్చేలా కంటిన్యుటీతో. మీ ముగ్గురి ధర మీ వయసుకు దిగుతుంది. రెండు కొటేషన్లూ కూడి 51,500తో పోల్చండి. ఇంకా భారమైతే పెద్దవాళ్లకు బేస్ కవర్ ఐదు లక్షలకు తగ్గించి ఆ ఐదు లక్షలు దాటిన ఖర్చును భరించే సూపర్ టాపప్ పాలసీ పైన తీసుకోండి. పాత పన్ను విధానంలో ఉంటే హెల్త్ ప్రీమియానికి పన్ను మినహాయింపు ఉండనే ఉంది. 70 దాటాక ఆయుష్మాన్ కార్డు వస్తుంది, దానికింకా 14 ఏళ్లు.

అరవై దాటాక ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందుగా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశం వచ్చింది. ఆ పది శాతమే ఏటా పడినా ఏడేళ్లకు దాదాపు రెట్టింపు. కాబట్టి ఇప్పటి నుంచే పెద్దల ప్రీమియం కోసం నెలకు కొంత విడిగా పెట్టండి.

రెన్యువల్ తేదీ దాటనివ్వకండి. ఆలస్యంగా కట్టడానికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది కానీ, ఏడాది ప్రీమియం ఒకేసారి కట్టేవాళ్లకు ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రిలో చేరితే కవర్ ఉండదు. కొత్త పాలసీ చేతికి రాగానే మొదటి పేజీలో నాన్నగారి పేరు పక్కన పాలసీ మొదలైన తేదీ ఆరేళ్ల కిందటిదే పడిందో లేదో చూడండి. ఈ ఏడాది తేదీ ఉంటే వెంటనే తిప్పి పంపి సరి చేయించండి.