గిటార్ కేసులో టోన్ గురించి వాదించకండి, చెక్క గురించే అడగండి

ప్రశ్న: 22 నెలల కిందట విజయవాడలో ఒక దుకాణంలో రూ. 68,000 పెట్టి ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. ‘సాలిడ్ మహాగని బాడీ, అందుకే ఆ నిండైన టోన్’ అని వాట్సాప్‌లో రాశారు. బిల్లులో మాత్రం ‘ఎలక్ట్రిక్ గిటార్ – 1’ అనే ఉంది. మొదటి నుంచీ టోన్ పలచగా ఉంది, పికప్‌లు మార్పించినా లాభం లేదు. ఈమధ్య భుజం పట్టీ తగిలించే స్ట్రాప్ బటన్ ఊడితే ఆ రంధ్రంలో ప్లైవుడ్ పొరలు కనిపించాయి. అడిగితే ‘ఏ చెక్కైనా టోన్ ఒకటే’ అని మెసేజ్ పెట్టారు. నా స్నేహితుడు కళ్లకు గంతలు కట్టుకుని, నా గిటార్‌కూ అసలు మహాగని గిటార్‌కూ తేడా 10 సార్లలో 7 సార్లు గుర్తుపట్టాడు. వీడియో ఉంది. వడ్రంగితో పెయింట్ గీకించి చూపించి, చీటింగ్ కేసు పెడదామనుకుంటున్నాను. నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు అది. న్యాయం జరుగుతుందా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఆ వడ్రంగిని ఆపండి. పెయింట్ గీకిన మరుక్షణం అది మీకు అమ్మిన వస్తువుగా మిగలదు. ‘మా దగ్గర కొన్న బాడీ ఇది కాదు, తర్వాత మార్చుకున్నారు’ అని అవతలి వకీలు ఒక్క మాట అంటే చాలు, దాన్ని తప్పని నిరూపించే భారం మీ మీద పడుతుంది. పికప్‌లు మార్పించి ఇప్పటికే ఆ మాటకు సగం తావిచ్చారు. పాత పికప్‌లు ఎక్కడున్నాయి? పారేయకుండా ఉంటే ఒక కవరులో పెట్టి, మార్చిన వారి రసీదుతో కలిపి భద్రం చేయండి. వేల రూపాయల వస్తువు మీద అనుమానం వచ్చాక కూడా ఫొటో తీయకుండా విప్పించడం చాలా అజాగ్రత్త.

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం టోన్ గురించే ఉంది. ఫిర్యాదులో ఆ మాట ప్రధానమైతే కేసు ఓడిపోతారు. ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట. దాని పైన ఉక్కు తీగ కదిలినప్పుడు పుట్టే విద్యుత్ సంకేతమే ఆంప్లిఫయర్‌కు వెళుతుంది. చెక్క కంపనం నేరుగా ఆ సంకేతంలోకి పోదు. తీగ ఒక చివర బాడీ మీది బ్రిడ్జి దగ్గర, రెండో చివర పొడవాటి పిడి లాంటి నెక్ దగ్గర ఆనుకుని ఉంటుంది కాబట్టి, ఆ ఆనిక ఎంత గట్టిదన్న దాన్నిబట్టి తీగ శక్తి త్వరగానో ఆలస్యంగానో హరించుకుపోతుంది. చెక్క ప్రభావమంటూ ఉంటే ముఖ్యంగా ఆ దారిలోనే రావాలి. కొన్ని గిటార్లలో ఫలానా ఫ్రెట్ దగ్గర ఒక స్వరం మాత్రమే చప్పున ఆరిపోవడానికి ఇదే కారణం, అందులోనూ నెక్ పాత్రే ఎక్కువ. ఇంత సన్నని ప్రభావాన్ని మీరు గుర్తించాలంటే మిగతావన్నీ సమానంగా ఉండాలి. మీరేమో అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చే పికప్‌నే మార్చేశారు. పికప్‌ను తీగకు రెండు మిల్లీమీటర్లు దగ్గర జరిపినా శబ్దం మారుతుంది. ‘టోన్ పలచన’ అన్నందుకు ఇప్పుడు ఆధారం ఏముంది?

అవతలివారు తెచ్చే సాక్ష్యం కూడా చెప్తాను. అమెరికన్ గిటారిస్టు జిమ్ లిల్ 2021లో బాడీ అన్నదే లేకుండా, రెండు బల్లల మధ్య తీగలు లాగి కట్టి, కింద పికప్ పెట్టి వాయించి చూపాడు. మంచి గిటార్ శబ్దానికి అది చాలా దగ్గరగా వచ్చింది. బ్రిటన్ లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెనక, పక్కల చెక్క మాత్రమే వేరుగా ఉండేలా ఆరు అకౌస్టిక్ గిటార్లు చేయించి, చెక్క కనపడకుండా వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టించి, మసక వెలుతురులో 52 మంది గిటారిస్టులతో వాయింపజేశారు. 2018లో ఫలితం ప్రచురించారు. ఖరీదైన రోజ్‌వుడ్‌కూ చవక చెక్కకూ వాళ్లిచ్చిన మార్కుల్లో పెద్ద తేడా లేదు. శబ్దం చెక్కలోంచే వచ్చే అకౌస్టిక్ గిటార్‌లోనే ఇలా వచ్చింది. మీ వైపు కూడా లేకపోలేదు. యంత్రంతో తీగ మీటి కొలిచిన కొన్ని ప్రయోగాల్లో బాడీ చెక్కను బట్టి వినిపించే తేడా దొరికింది. లిల్ చేసింది ఒక మనిషి ప్రదర్శన, గంతలు కట్టి చాలామందికి వినిపించిన పరీక్ష కాదు. అంటే ఇద్దరు నిపుణులు రెండు మాటలు చెప్తారు. సంక్షిప్త విచారణ చేసే వినియోగదారుల కమిషన్ అంత సందిగ్ధమైన విషయంలో మీ పక్షాన తేలుస్తుందని నేను చెప్పలేను.

ఇక వీడియో. అసలేమీ తెలియని మనిషి ఊహించి చెప్పినా 10కి 7 లేదా అంతకుమించి సరిపోయే అవకాశం దాదాపు 17 శాతం ఉంది, అంటే ఆరుగురిలో ఒకరికి ఉత్త అదృష్టం మీద అది వస్తుంది. అదే 9 లేదా 10 సరిపోతే ఆ అవకాశం ఒక శాతం దాకా పడిపోతుంది. పైగా ఆ రెండు గిటార్లకు పికప్‌లు వేరు, తీగల వయసు వేరు. శబ్దం స్థాయి సమానం చేశారో లేదో మీరు రాయలేదు. కాస్త గట్టిగా వినిపించేదాన్ని మన చెవి ‘నిండుగా ఉంది’ అంటుంది. తేడా పట్టుబడినా అది చెక్కదని చెప్పలేరు. ఆ వీడియో దాఖలు చేయకండి, క్రాస్ పరీక్షలో అది వాళ్లకే పనికొస్తుంది.

మీ కేసు ఒక్క ప్రశ్న మీద నిలబడుతుంది: సాలిడ్ మహాగని అని చెప్పి ప్లైవుడ్ ఇచ్చారా? వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం సరుకు ఏ పదార్థంతో చేసిందో తప్పుగా చెప్పి అమ్మడమే అనుచిత వ్యాపార పద్ధతి. టోన్ మారిందా లేదా అన్నది అక్కడ అవసరం లేదు. ‘ఏ చెక్కైనా ఒకటే’ అన్న వాళ్ల మెసేజ్ మీకు మేలే, అందులో అది ప్లైవుడ్ కాదని ఎక్కడా అనలేదు. ఒక జాగ్రత్త: వ్యాపారంలో మహాగని పేరు వేరే జాతుల చెక్కలకూ తగిలించి అమ్ముతారు. కాబట్టి ఏ జాతి అన్న వాదన కంటే ‘సాలిడ్’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. పొరలు అతికించిన ప్లైవుడ్‌ను ఎవరూ సాలిడ్ అనలేరు.

రుజువుకు దారి చట్టంలోనే ఉంది. పరీక్షిస్తే తప్ప లోపం తేలని సరుకైతే, సెక్షన్ 38 కింద కమిషనే దాన్ని సీలు వేసి ప్రయోగశాలకు పంపుతుంది. ఖర్చు ముందు మీరు కట్టాలి, నివేదికకు గడువు 45 రోజులు. బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ వుడ్ సైన్స్ సంస్థ చెక్కను గుర్తించే పని చేస్తుంది, అక్కడికి పంపమని దరఖాస్తులోనే అడగండి. ఈలోగా మీరు చేయదగింది ఒక్కటే. స్ట్రాప్ బటన్ రంధ్రాన్ని, పక్కన స్కేలు పెట్టి, సీరియల్ నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి. వెనక మూత కూడా విప్పకండి. వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోను మార్చకండి. ఆ సంభాషణ ప్రింట్లకు, ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ధ్రువపత్రం జతచేయండి, అందులో రెండో భాగం మీద నిపుణుడి సంతకం ఉండాలి.

అసలు ప్రమాదం గడువు. సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ప్లైవుడ్ ఈమధ్యే చూశాను కాబట్టి అప్పటినుంచి లెక్కించండని వాదించవచ్చు, ఆలస్యాన్ని మన్నించమనీ అడగవచ్చు. చేతిలో రెండు నెలలుండగా ఆ వాదన మీద ఆధారపడటం తెలివి కాదు. ఇక మీరనుకుంటున్న చీటింగ్ కేసుకు, అమ్మేనాటికే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. పోలీసులు ఇది సివిల్ వివాదమని పంపేయవచ్చు. మీరు స్టేషన్ చుట్టూ తిరిగినంత కాలం, నోటీసు ఇచ్చి జవాబు కోసం చూసినంత కాలం కూడా ఈ గడువు నడుస్తూనే ఉంటుంది.

ఈ వారమే స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు పంపి, అందినట్టు రుజువు దాచండి. జవాబు వచ్చినా రాకపోయినా పదహారో రోజున ఫిర్యాదు వేయండి. మీరు గుంటూరులో ఉంటున్నారు కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, విజయవాడ వెళ్లక్కర్లేదు. e-jagriti.gov.in ద్వారా ఇంటినుంచైనా దాఖలు చేయవచ్చు. రూ. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. పెళ్లిళ్లలో వాయించి సంపాదిస్తుంటే అది మీ స్వయం ఉపాధి అని ఒక వాక్యం తప్పక రాయండి, లేకపోతే వాణిజ్య కొనుగోలు అని అడ్డు చెప్తారు. ఫిర్యాదులో ఏం ఇప్పించాలో కోరే చోట, గిటార్ తిరిగి ఇచ్చి పూర్తి ధర ఇప్పించమని, అది కుదరకపోతే సాలిడ్ బాడీకీ ప్లైవుడ్ బాడీకీ ఉన్న ధర తేడా ఇప్పించమని రెండూ అడగండి. దాదాపు రెండేళ్లు వాడారు కాబట్టి రెండోది దక్కే అవకాశమే ఎక్కువ. అందుకు అదే కంపెనీ ప్లైవుడ్ మోడల్ ధర చూపే కొటేషన్ ఒకటి ఇప్పుడే తీసి పెట్టుకోండి.