‘తయారీ విధానం’ అని ఎవరైనా పలుకుతారా?

సందేహం: మేం వంటల వీడియోలు చేస్తాం. ‘ఆవకాయ తయారీ విధానం’ అని శీర్షిక పెడితే, ఫోనులో మాట్లాడి వెతికేవాళ్లకు అది కనబడటం లేదంటున్నారు. వాళ్లు అనే మాటల్లోనే శీర్షిక రాస్తే భాష చెడదా? రాస్తే ‘ఎలా’ అనాలా, ‘ఎట్లా’ అనాలా?

సమాధానం: చెడదు. పైగా మీ శీర్షికలో ‘తయారీ’ ఉర్దూ నుంచి వచ్చింది, ‘విధానం’ సంస్కృతం. తెలుగువాళ్లు ఆవకాయను ‘పెడతారు’. అచ్చమైన ఆ తెలుగు క్రియే మీ శీర్షికలో లేదు.

అసలు చిక్కంతా ఆ క్రియ దగ్గరే ఉంది. చేత్తో టైపు చేసేటప్పుడు మనిషి పొదుపరి, ‘ఆవకాయ తయారీ’ అని రెండు నామవాచకాలతో సరిపెడతాడు. నోరు తెరిస్తే మాత్రం వాక్యం వస్తుంది, వాక్యం వస్తే క్రియ వస్తుంది: ‘ఆవకాయ ఎలా పెట్టాలి’. ఆ క్రియ కూడా వంటను బట్టి మారుతుంది. ఊరగాయ పెడతాం, దోసెలు పోస్తాం, జంతికలు వత్తుతాం, అన్నం వండుతాం. అన్నిటికీ ‘తయారీ’ అతికిస్తే ఈ తేడాలన్నీ పోతాయి. వెతుకులాట యంత్రం అక్షరాలనే కాక అర్థాన్నీ కొంత చూస్తుంది కాబట్టి, పలికిన మాటకూ శీర్షికకూ పొల్లు పోకుండా పోలిక కుదరక్కర్లేదు. కానీ ముఖ్యమైన క్రియే శీర్షికలో లేకపోతే ఆ పోలిక బలహీనపడుతుంది.

‘ఆవకాయ పెట్టడం ఎలా?’ అన్నది కొంత మెరుగు. అయినా అది పత్రికల శీర్షికల భాష, ఇంట్లో అలా అడిగేవాళ్లు తక్కువ. ఇక ‘ఎలా పెట్టాలి ఆవకాయ’ అనేది ఇంగ్లీషు వాక్యానికి నీడ. తెలుగులో ప్రశ్నపదం మామూలుగా క్రియకు ముందు కూర్చుంటుంది, దేని గురించి అడుగుతున్నామో అది మొదట వస్తుంది. ‘ఆవకాయ ఎలా పెట్టాలో’ అని ఆపేయడం మరో పొరపాటు. చివరి ఓకారం వెనక ‘చెప్పు’, ‘చూపించు’ లాంటి క్రియను కోరుతుంది. మాట్లాడేవాళ్లు ‘ఎలా పెట్టాలో చెప్పు’ అంటారు గనుక వాళ్ల వాక్యం నిండుగానే ఉంటుంది. శీర్షికలో ‘చెప్పు’ తీసేసి ఓకారాన్ని ఉంచితే వాక్యం గాలిలో వేలాడుతుంది. ‘చెప్పు’ తీసేస్తే ‘పెట్టాలి?’ అని మార్చండి.

ఎలా, ఎట్లా రెండూ ఒప్పే. మీ వీడియోలో మీరు ఏది పలుకుతారో శీర్షికలో అది రాయండి, రెండో రూపాన్ని కింది వివరణలో ఒక సహజమైన వాక్యంలో వాడండి. ‘ఎలా ఎట్లా పెట్టాలి’ అని రెండూ గుచ్చిన శీర్షికలు కనబడుతుంటాయి గానీ, అలా పలికే నోరు లేదు. యాసలో అంతకంటే పెద్ద తేడా వస్తువు పేరులో ఉంటుంది. తెలంగాణలో చాలామంది ‘మామిడికాయ తొక్కు’ అంటారు. ఆ మాట వివరణలో లేకపోతే, ‘ఎట్లా’ ఒక్కటి పెట్టినందువల్ల పెద్ద లాభం లేదు.

ఇప్పుడు మీ శీర్షికనే తిరగరాద్దాం:

‘ఆవకాయ ఎలా పెట్టాలి? కిలో ముక్కలకు ఉప్పు, కారం, ఆవపిండి కొలతలు’

మొదటి సగం అడిగే ప్రశ్న, రెండో సగం ఆ వెంటనే వచ్చే ప్రశ్నకు జవాబు. కొలతలని రాశాక వీడియో మొదట్లోనే కొలతలు చెప్పాలి. యూట్యూబులో శీర్షికకు 100 అక్షరాల పరిమితి ఉంది. అయితే మన లెక్క వేరు, యంత్రం లెక్క వేరు. ‘పెట్టాలి’ మనకు మూడక్షరాలు. గుణింతపు గుర్తులనూ ఒత్తునూ విడివిడిగా లెక్కించే యంత్రానికి ఎనిమిది. ఆ లెక్కన పై శీర్షిక 61 అవుతుంది. ఫోను తెరమీద పొడవైన శీర్షిక చివర తెగిపోవచ్చు కాబట్టి ప్రశ్న ఎప్పుడూ ముందుండాలి. ‘మా అమ్మమ్మ చేతి రుచి’ లాంటివి వెనక్కి పోవాలి.

బూజు సంగతి మీ వీడియోలో ఉంటే దాన్ని ఇదే శీర్షికలో ఇరికించకండి. ‘బూజు నివారణ’ అని ఎవరూ అడగరు. ‘ఆవకాయ బూజు పట్టింది, ఏం చేయాలి?’ అంటారు. అది వేరే ప్రశ్న, దానికి వేరే వీడియో కావాలి.

ఏ మాట వాడాలో తేలకపోతే, మీ శీర్షిక చూడని నలుగురిని, వీలైతే వేర్వేరు జిల్లాలవాళ్లను కూర్చోబెట్టి, ‘ఆవకాయ గురించి ఫోన్ని అడగండి’ అనండి. మైకులో వాళ్లు పలికాక తెరమీద పడ్డ మాటలను ఉన్నవున్నట్టు రాసుకోండి. ఫోను ‘ఆవ కాయ’ అని విడగొట్టిందా, ‘మామిడికాయ’ను కలిపే రాసిందా అన్నది అక్కడే తెలుస్తుంది. విడగొట్టినా మీరు మాత్రం ‘ఆవకాయ’ అనే రాయండి, యంత్రం తప్పును శీర్షికకు ఎక్కించనక్కర్లేదు. మైకు భాష ఇంగ్లీషులో ఉంటే అవే మాటలు `avakaya ela pettali` అని పడొచ్చు. దాన్ని వివరణలో ఒక్కసారి ఉంచితే చాలు.