కూలింగ్ గ్లాసెస్ ఎంత నల్లగా ఉంటే కళ్లకు అంత మంచిదా?

ప్రశ్న: నా వయసు 34. రోజూ బైక్ మీద ఆఫీసుకు వెళ్లొస్తాను, సెలవు రోజుల్లో కారు నడుపుతాను. ఎండ కళ్లలో కొడుతోందని బాగా నల్లగా ఉన్న కూలింగ్ గ్లాసెస్ కొన్నాను. హెల్మెట్ వైజర్ కూడా నలుపుదే. అయినా కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. ఫ్లైఓవర్ కిందికి వెళ్తే కాసేపు ఏమీ కనిపించడం లేదు. పోలరైజ్డ్ తీసుకుంటే యూవీ భయం ఉండదని షాపతను అంటున్నాడు. నిజమేనా?

డాక్టర్ సలహా: కాదండీ. నలుపు, యూవీ రక్షణ, పోలరైజేషన్ ఈ మూడూ వేర్వేరు. ఒకటి ఉన్నంత మాత్రాన మిగతావి ఉన్నట్టు కాదు. అతినీలలోహిత కిరణాలు కంటికి కనబడవు కాబట్టి అద్దం రంగు చూసి వాటి సంగతి చెప్పలేం. రంగే లేని పాలికార్బొనేట్ అద్దం కూడా వాటిని దాదాపు పూర్తిగా ఆపుతుంది. అదే యూవీని ఆపని నల్లద్దం పెట్టుకుంటే, వెలుతురు తగ్గినందుకు కంటిపాప పెద్దదవుతుంది. అప్పుడు ఆ కిరణాలు లోపలికి వెళ్లడానికి దారి ఇంకా వెడల్పవుతుంది. అందుకే కొనేటప్పుడు ‘యూవీ 400’ అని ఉందో లేదో చూడండి. 400 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలను ఆపుతుందని దానర్థం. అయితే స్టిక్కర్ ఎవరైనా అంటించొచ్చు. చాలా కళ్లజోళ్ల షాపుల్లో యూవీ మీటర్ ఉంటుంది. మీ అద్దం అందులో పెట్టి చూపమనండి, నిమిషం పని.

ఇక ఫ్లైఓవర్ కింద చీకటి కమ్మడం. ఇది లెక్కేస్తే తెలిసిపోతుంది. అద్దం ఎంత వెలుతురును లోపలికి వదులుతుందనే దాన్నిబట్టి 0 నుంచి 4 వరకు కేటగిరీలు ఉన్నాయి. చాలా జోళ్లకు ఆ అంకె కాడ లోపలివైపు ఉంటుంది. 2 అయితే 18 నుంచి 43 శాతం, 3 అయితే 8 నుంచి 18 శాతం వదులుతుంది. 4 వదిలేది 3 నుంచి 8 శాతమే. అది మంచు కొండల మీదికి పనికొస్తుంది గానీ డ్రైవింగ్‌కు పనికిరాదు. మీ జోడు కేటగిరీ 3 అనుకుందాం, 14 శాతం వదులుతోంది. వైజర్ సగం వెలుతురును ఆపుతోందనుకుందాం. రెండూ కలిస్తే కంటికి చేరేది 7 శాతమే. అంటే విడివిడిగా రెండూ బాగానే ఉన్నా, కలిపి పెట్టుకుంటే మీరు కేటగిరీ 4తో బండి నడుపుతున్నట్టే. ఎండలోంచి నీడలోకి వెళ్లగానే ఏమీ కనబడకపోవడంలో వింతేముంది?

నన్నడిగితే వైజర్‌ను తెల్లదానికి మార్చి, కళ్లకు కేటగిరీ 3 జోడు పెట్టుకోండి. పొద్దు వాలితే జోడు తీసి జేబులో వేసుకోవచ్చు, నల్ల వైజర్‌తో ఆ వీలుండదు. అది మార్చడం కుదరదంటే కేటగిరీ 2 జోడు తీసుకోండి. రంగు గ్రే అయితే సిగ్నల్ లైట్ల రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. బ్రౌన్ అయితే రోడ్డు మీద గుంతలు కాస్త స్పష్టంగా తెలుస్తాయి. నీలం, గులాబీ రంగులు డ్రైవింగ్‌కు వద్దు. రాత్రి డ్రైవింగ్‌కని అమ్మే పసుపు అద్దాలూ అక్కర్లేదు.

పోలరైజ్డ్ అద్దం రోడ్డు మీదా, ముందున్న కారు బానెట్ మీదా పడి తిరిగొచ్చే మెరుపును ఆపుతుంది. కారులో ఇది నిజంగా హాయి. బైక్ మీద మాత్రం నేను అంతగా సిఫార్సు చేయను. రోడ్డు మీద నీళ్లో, ఆయిలో ఉందని మనకు ముందు చెప్పేది ఆ మెరుపే. పైగా కొన్ని వైజర్లలోంచి చూస్తే ఇంద్రధనుస్సు లాంటి చారలు కనిపిస్తాయి. స్పీడోమీటర్ స్క్రీన్ కొన్ని కోణాల్లో నల్లబడుతుంది. రెండు బళ్లకూ ఒకటే జోడంటే పోలరైజ్డ్ కానిదే తీసుకోండి. కారుకు విడిగా పోలరైజ్డ్ కొంటే, షాపులో కంప్యూటర్ మానిటర్ ముందు పట్టుకుని మెల్లగా తిప్పండి. ఎక్కడో ఒక కోణంలో స్క్రీన్ నల్లబడాలి. ఎలా తిప్పినా మారకపోతే అది పోలరైజ్డ్ కాకపోవచ్చు. మరో మానిటర్ మీద కూడా చూసి తేల్చుకోండి.

మంట, నీళ్లు కారడం ఎక్కువగా గాలి వల్లే అనుకుంటున్నాను. ఎదురుగాలికి కన్నీటి పొర ఆరిపోతుంది, దుమ్ము పడుతుంది, దాంతో కళ్లు మండి నీళ్లు ఊరతాయి. పక్కల నుంచి కూడా మూసే వంపు ఫ్రేమ్ తీసుకోండి. హెల్మెట్ పెట్టుకునే చూడండి, కాడలు సన్నగా లేకపోతే కణతల దగ్గర నొక్కుతాయి. అద్దం పాలికార్బొనేట్‌దై ఉండాలి. మామూలు గాజు పడితే పగిలి కంట్లో గుచ్చుకోవచ్చు. వైజర్ కిందికి దించి, ఈ జోడుతో రెండు వారాలు తిరిగినా మంట తగ్గకపోతే కంటి డాక్టర్‌కు చూపించండి. ఎరుపు పోకపోయినా, ముక్కువైపు తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి కండలాంటిది పాకుతున్నా, చూపు మసకబారినా అన్ని రోజులు ఆగకుండా వెంటనే వెళ్లండి.