ఆ 30 వేలలో దండగ ఎంత?

విజయవాడలో మగ్గం వర్క్ బ్లౌజుల షాపు నడుపుతున్నాను. నెలకు 30 వేలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్‌కి పోతున్నాయి. పోయిన నెల ఫారాల ద్వారా 200 మంది నంబర్లు వచ్చాయి. రిపోర్టు ఎక్సెల్‌లో దించుకున్నాను, కానీ ఎక్కడ వృథా అవుతోందో కనబడడం లేదు. ఏం చేయాలి?

అమ్మా, ముందు వయసు, ఫోను రకం, గంట, యాడ్ కనిపించే చోటు, వీటికి ఒక్కోదానికి ఒక్కో రిపోర్టు విడిగా దించుకోండి. గంటల లెక్క వయసుతో కలిపి రాదు. ఫైలులో అన్నిటినీ కూడి చూపించే వరుస ఉంటే తీసేయండి. అది మిగిలితే, వరుసలను కూడి చూపే పివట్ పట్టికలో మీ ఖర్చు 60 వేలని కనిపిస్తుంది, గుర్తుపట్టడం తేలికే.

చాలామంది తప్పటడుగు వేసేది ఆ తర్వాత. రిపోర్టులో Cost per result అని తయారుగా ఉంటుంది కదా అని దాన్నే పివట్‌లో పెట్టి సగటు తీస్తారు. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీస్‌కు రెండు వరుసలున్నాయనుకోండి. ఒకదాంట్లో 5,400 ఖర్చుకు 6 నంబర్లు, అంటే ఒక్కోటి 900. ఇంకోదాంట్లో 100 ఖర్చుకు 2, అంటే 50. ఈ రెండిటి సగటు 475. అసలు లెక్క మాత్రం 5,500ను 8తో భాగించాలి, దాదాపు 688. అంటే అసలు ఖర్చులో దాదాపు మూడో వంతు దాక్కుంది. ఆ ఎక్సెల్ ఫైలును గూగుల్ షీట్స్‌లో తెరిచి, అక్కడి పివట్‌లో Values దగ్గర Calculated Field తీసుకుని, Summarize by దగ్గర Custom పెట్టి ఇది రాయండి:

```
=SUM('Amount spent (INR)')/SUM(Results)
```

ఇక మీ మొత్తం సగటు 150. దానితో పోల్చి 688 చూడగానే స్టోరీస్‌ను ఆపేయొచ్చు, ఎందుకంటే అక్కడ పోయింది 5,500. అదే తెల్లవారుజామున 3 గంటలకు 200 రూపాయలు ఖర్చయి ఒక్క నంబరూ రాలేదంటే టెన్షన్ పడకండి. సగటు లెక్కన ఆ 200కి వచ్చేదే ఒకటి! నేనైతే గంటలను నాలుగు పూటలుగా కలిపి, కనీసం 600 దాటిన చోటనే చూస్తాను. కొన్ని గంటలు ఆపాలంటే యాడ్‌కు రోజువారీ బడ్జెట్ కాకుండా లైఫ్‌టైమ్ బడ్జెట్ ఉండాలి.

ఒక్క మాట, నాలుగు పట్టికల్లో తేలిన దండగను కూడేసి అంత మిగులుతుందని లెక్క వేసుకోకండి. స్టోరీస్‌లో పోయిన రూపాయే వయసు పట్టికలోనూ, గంటల పట్టికలోనూ మళ్లీ కనిపిస్తుంది. అన్నీ ఆ 30 వేలే. అందుకని మీ లెక్కలోనూ స్టోరీస్ ఇలాగే తేలితే, ముందు అదొక్కటే ఆపండి. ఈలోగా ఫోన్ చేసినవాళ్లలో ఎవరు ఆర్డరు ఇచ్చారో, ఏ వయసువాళ్లో మీ పుస్తకంలో రాయండి. 100కే వచ్చిన కాలేజీ అమ్మాయి నంబరు కన్నా, పెళ్లి పనుల్లో ఉన్న తల్లి నంబరు 250 పడినా మీకు లాభమేమో, అది ఆ పుస్తకంలోనే తెలుస్తుంది. రెండు వారాల తర్వాత అదే రిపోర్టు మళ్లీ దించండి.