కొత్త ప్రోడక్ట్ వల్ల పాతదాని అమ్మకాలు తగ్గితే క్యాష్ ఫ్లోలో ఎంత తీసేయాలి?

పోయిన అమ్మకాల విలువ మొత్తం కాదు, వాటితో పోయిన కాంట్రిబ్యూషన్ మాత్రమే తీసేయాలి. అంటే పాత ప్రోడక్ట్ ధరలోంచి దాని వేరియబుల్ ఖర్చు పోగా మిగిలేది.

కొత్తది ఏడాదికి 10,000 యూనిట్లు అమ్ముడవుతుందనుకుందాం. ధర 120, వేరియబుల్ ఖర్చు 70, కాబట్టి యూనిట్‌కు 50 మిగులుతుంది. మొత్తం 5,00,000. కానీ వీటిలో 3,000 యూనిట్లు కొనేది మన పాత కస్టమర్లే. పాతదాని ధర 100, ఖర్చు 40, మిగులు 60. పోయేది 1,80,000. అసలు అదనంగా వచ్చేది 3,20,000. 25 శాతం పన్ను పోతే 2,40,000. చాలామంది ఇక్కడ 3,00,000 అమ్మకాలనే తీసేసి మంచి ప్రాజెక్టును కూడా పక్కన పెట్టేస్తారు.

ఇంకో సంగతి చూడండి. కొత్తదాని ధర ఎక్కువే, కానీ మిగులు తక్కువ. పాతది వదిలి వచ్చిన ప్రతి యూనిట్ మీదా 10 నష్టమే. పాత ప్లాంటు అద్దె లాంటి ఫిక్స్‌డ్ ఖర్చులు ఎలాగూ ఆగవు, వాటిని ఆదాగా చూపకూడదు.

అసలు చిక్కు ఆ 3,000 అనే అంకె దగ్గరే. మనం కొత్తది తేకపోయినా పోటీ కంపెనీ తెచ్చి అందులో 2,000 యూనిట్లు లాక్కుపోయేదైతే, ఆ నష్టం మన ప్రాజెక్టు ఖాతాలో వేయకూడదు. అప్పుడు తీసేయాల్సింది 1,000 యూనిట్ల మిగులు, 60,000 మాత్రమే. పోలిక నిరుటి అమ్మకాలతో కాదు, ప్రాజెక్టు లేకపోతే ఉండే అమ్మకాలతో చేయాలి.