యాకోబు నమ్మాడు, యాకూబ్ నమ్మలేదు

ప్రశ్న: "బైబిల్లోని యోసేపు కథ, ఖురాన్‌లోని యూసుఫ్ ప్రవక్త కథ ఒకటేనా? చిన్న చిన్న వివరాల్లో తప్ప అసలు తేడా ఏమైనా ఉందా? రెండూ చదివినవారు చెప్పగలరా?"

నేను ఆదికాండంలోని ఈ కథను సండే స్కూల్లో విని పెరిగాను, తర్వాత అక్కడే పిల్లలకు చాలాకాలం చెప్పాను. ఖురాన్ తెలుగు అనువాదం మాత్రం పెద్దయ్యాక, ఒక స్నేహితుడి నాన్నగారి దగ్గర కూర్చుని చదివాను. సూరా యూసుఫ్ మొదలుపెట్టే ముందు ఆయన నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "బాబూ, రక్తం పూసిన అంగీ చూపిస్తే మీ గ్రంథంలో తండ్రి నమ్మాడా?" నమ్మాడని చెప్పాను. "మా దగ్గర నమ్మలేదు. అది గుర్తుపెట్టుకుని చదువు" అన్నారు. ఆ తర్వాత రెండు గ్రంథాలనూ ఎన్నిసార్లు పక్కపక్కన పెట్టుకుని చదివినా, తక్కిన తేడాల్లో ముఖ్యమైనవి చాలావరకు ఈ ఒక్క చోటి నుంచే పుట్టాయని నాకు అనిపిస్తుంది. అందుచేత దాని గురించే చెబుతాను.

మొదట కల సంగతి చూడాలి. ఆదికాండం 37వ అధ్యాయంలో యోసేపుకు రెండు కలలు వస్తాయి. ఒకదానిలో అన్నల పనలు అతని పనకు సాగిలపడతాయి. రెండోదానిలో సూర్యచంద్రులు, పదకొండు నక్షత్రాలు అతనికి నమస్కరిస్తాయి. రెండింటినీ అతను అన్నలకే చెబుతాడు, రెండోదాన్ని తండ్రి యాకోబుకు కూడా చెప్పి చీవాట్లు తింటాడు. ఖురాన్‌లో కల ఒక్కటే, అది నక్షత్రాల కల. యూసుఫ్ దాన్ని తండ్రికి మాత్రమే చెబుతాడు. ఆ తండ్రి, అంటే యాకూబ్, కోప్పడడు, ఈ కల నీ అన్నలకు చెప్పవద్దు, వారు నీపై కుట్ర పన్నుతారని హెచ్చరించి, దేవుడు నిన్ను ఎన్నుకుంటాడని అప్పుడే చెప్పేస్తాడు. అంటే కొడుకు భవిష్యత్తు గురించి దేవుని మాట ఆ తండ్రి మనసులో మొదటి నుంచీ ఉంది. ఖురాన్ దృష్టిలో యాకూబ్ కూడా ప్రవక్తే కాబట్టి, అతను తన కొడుకుల అబద్ధానికి లొంగిపోయే మనిషిగా కనిపించడు.

ఇక అంగీ దగ్గరికి వద్దాం. ఆదికాండంలో అన్నలు యోసేపును అమ్మేశాక మేకపిల్లను చంపి, అతని విచిత్రమైన నిలువుటంగీని ఆ రక్తంలో ముంచి తండ్రికి పంపుతారు. ఇది నీ కుమారుని అంగీ అవునో కాదో చూడమని మాత్రమే అంటారు. దుష్టమృగం తినేసిందన్న మాట యాకోబు నోటి నుంచే వస్తుంది. అతను బట్టలు చించుకుని, గోనెపట్ట కట్టుకుని, ఎవరు ఓదార్చినా ఊరట పొందడు. ఈ మోసం వెనుక ఒక పాత లెక్క ఉంది. ఇదే యాకోబు యువకుడిగా ఉన్నప్పుడు అన్న ఏశావు బట్టలు వేసుకుని, చేతులకూ మెడకూ మేకపిల్లల చర్మం కప్పుకుని, చూపు మందగించిన తండ్రి ఇస్సాకును మోసగించాడు. మేక, బట్ట, మోసపోయిన తండ్రి, ఈ మూడూ మళ్లీ వచ్చాయి. ఈసారి మోసపోయింది అతనే. హెబ్రీ కథకుడు ఆ సంగతి ఎక్కడా విప్పి చెప్పడు కానీ, యాకోబు ఇక్కడ నమ్మకపోతే ఆ పాత లెక్క తీరదు.

ఖురాన్ 12వ సూరా 17, 18 ఆయతుల్లో యూసుఫ్ చొక్కాపై దొంగ రక్తం పూసి తెస్తారు, తోడేలు తిన్నదని వారే చెబుతారు. యాకూబ్ వెంటనే, మీ మనసులే ఈ సంగతి కల్పించాయి, నాకు మిగిలింది చక్కని సహనమే అంటాడు. ఎలా గ్రహించాడో ఖురాన్ చెప్పదు. వ్యాఖ్యాతలు మాత్రం, చొక్కా ఎక్కడా చిరగలేదనీ, పిల్లవాణ్ణి తిని చొక్కాను వదిలేసిన ఆ తోడేలు ఎంత మెత్తనిదో అని యాకూబ్ అన్నాడనీ రాశారు.

ఇదే పద్ధతి ఐగుప్తులోనూ సాగుతుంది. ఆదికాండంలో యోసేపును కొన్న పోతీఫరు భార్య అతన్ని మోహించి పట్టుకున్నప్పుడు యోసేపు వస్త్రాన్ని ఆమె చేతిలోనే వదిలి పారిపోతాడు. ఆమె దాన్ని దగ్గర ఉంచుకుని భర్తకు చూపుతుంది, అతను నమ్మి యోసేపును చెరసాలలో వేయిస్తాడు. ఇలా బట్ట రెండోసారి అబద్ధానికి సాక్ష్యం పలికింది. ఖురాన్‌లో ఇద్దరూ తలుపు వైపు పరుగెత్తుతారు, ఆమె వెనుక నుంచి లాగగా చొక్కా చిరుగుతుంది, తలుపు దగ్గర భర్త ఎదురవుతాడు. ఆమె బంధువుల్లోనే ఒకడు తీర్పు చెబుతాడు: చొక్కా ముందు చిరిగితే ఆమె మాట నిజం, వెనుక చిరిగితే అతని మాట నిజం. చూస్తే వెనుకే చిరిగింది. భర్త భార్యనే తప్పుపడతాడు. అయినా యూసుఫ్ చెరసాలకు వెళతాడు. నిదర్శనాలు చూసిన తర్వాత కూడా కొంతకాలం అతన్ని బంధించడమే మేలనుకున్నారని 35వ ఆయతు చెబుతుంది. పోతీఫరు నమ్మి శిక్షించాడు, వీరు నిజం తెలిసి శిక్షించారు. అందుకే రాజు పిలిచినప్పుడు కూడా, తనను వలలో వేసుకోవాలని చూసిన స్త్రీల సంగతి విచారించేదాకా యూసుఫ్ బయటికి రాడు. అప్పుడు ఆ యజమాని భార్య అందరి ముందు తప్పు ఒప్పుకుంటుంది. ఆదికాండంలో ఈ ఘట్టమే లేదు.

మూడో చొక్కా ఖురాన్‌లో మాత్రమే ఉంది. ఏడ్చి ఏడ్చి చూపు పోయిన తండ్రి ముఖంపై వేయమని యూసుఫ్ తన చొక్కా పంపుతాడు. ఒంటెల బిడారు బయలుదేరగానే, ఎక్కడో దూరాన ఉన్న యాకూబ్, నాకు యూసుఫ్ వాసన తగులుతోంది అంటాడు. చుట్టూ ఉన్నవారు అది అతని పాత భ్రమే అంటారు. చొక్కా ముఖంపై పడగానే చూపు తిరిగి వస్తుంది. ఆదికాండంలో సరిగ్గా ఇదే చోట తండ్రి స్థితి తలకిందులుగా ఉంటుంది. యోసేపును అమ్మినప్పుడు అతనికి 17 ఏళ్లు, ఫరో ముందు నిలిచేసరికి 30; ఏడేళ్ల సమృద్ధి, రెండేళ్ల కరువు గడిచాక అన్నలకు తనను తెలియజేసుకున్నాడు. అంటే యాకోబు సుమారు 22 ఏళ్లు అబద్ధాన్ని నమ్మి బతికాడు. తీరా కొడుకులు వచ్చి, యోసేపు బతికే ఉన్నాడని నిజం చెబితే నమ్మలేకపోయాడు; ఐగుప్తు నుంచి వచ్చిన బండ్లను కళ్లారా చూశాకే అతని ప్రాణం తెప్పరిల్లింది. నాకు ఆ బండ్ల మాట చదివినప్పుడల్లా గొంతు పట్టుకుంటుంది. ఖురాన్ తండ్రి మీద నాకు గౌరవం కలుగుతుంది, ఆదికాండం తండ్రి మీద జాలి కలుగుతుంది. ఆయా గ్రంథాలు కోరుకున్నది కూడా అదేనని నా అభిప్రాయం.

ఖురాన్‌లో దొరకనిది ఒకటి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. తమ్ముణ్ణి అమ్ముదామని సలహా ఇచ్చిన యూదాయే ఆదికాండం 44వ అధ్యాయంలో, అందరికన్నా చిన్నవాడైన బెన్యామీనుకు బదులు నన్ను దాసునిగా ఉంచుకోమని వేడుకుంటాడు. ఆ దీర్ఘమైన విన్నపం వినలేకే యోసేపు బిగ్గరగా ఏడుస్తాడు. ఖురాన్‌లో తమ్మునికి బదులు మాలో ఒకణ్ణి ఉంచుకోమని అందరూ కలిసి ఒక్క వాక్యంలో అడుగుతారు, పెద్దవాడు తండ్రి ముఖం చూడలేక అక్కడే ఉండిపోతాడు. ఒక మనిషి మారిన తీరు అంత విపులంగా కనిపించదు.

ముగింపులోనూ తండ్రికి ఏం తెలుసన్నదే తేడా. ఖురాన్‌లో కొడుకులు యాకూబ్ ముందు తప్పు ఒప్పుకుని, మా కోసం దేవుని క్షమాపణ అడగమంటారు, అతను అడుగుతానంటాడు. యూసుఫ్ అప్పటికే, ఈ రోజు మీపై ఏ నిందా లేదని అన్నలకు చెప్పేశాడు. ఆదికాండంలో యోసేపు అన్నలను హత్తుకుని ఏడ్చినా, తండ్రి చనిపోయాక వారు మళ్లీ భయపడి, మమ్మల్ని క్షమించమని నీకు చెప్పమని నాన్న చనిపోయే ముందు అన్నాడని కబురు పంపుతారు. అసలు యోసేపును అమ్మింది తామేనని వారు యాకోబుకు ఎప్పుడైనా చెప్పారా అన్నది ఆ గ్రంథం ఎక్కడా చెప్పలేదు.