ఎగరకు అనడం కాదు, ఎగరకుండా ఉన్నప్పుడే ఇవ్వండి

"మా కుక్కకి ఏడాదిన్నర. మంచిదే, ఎవర్నీ కరవదు, కానీ ఇంటికి ఎవరొచ్చినా రెండు కాళ్ళ మీద లేచి మీద పడిపోతుంది. అరిచాం, తోశాం, లాభం లేదు. మామూలప్పుడు కూర్చో అంటే కూర్చుంటుంది, మనుషులొస్తే మాత్రం వినిపించుకోదు. ఏం చెయ్యాలి?"

అరవడం, తోయడం ముందు ఆపెయ్యండి. అది మీద పడేది మన మొహం దగ్గరకి రావడానికి, మన చూపు తన మీద పడాలని. చేతులతో తోస్తే దానికి అది ఆటే, అరిస్తే మీరు కూడా తనతోపాటు హుషారుగా ఉన్నారనుకుంటుంది. మోకాలితో గుద్దమని, కాలి వేళ్ళు తొక్కమని చెప్పేవాళ్ళుంటారు, ఆ జోలికి పోవద్దు, దెబ్బ తగలొచ్చు, పైగా కొన్ని కుక్కలు వచ్చినవాళ్ళని చూస్తేనే భయపడే స్థితికి వస్తాయి, అది ఎగరడం కన్నా పెద్ద తలనొప్పి.

మా వాడు ముప్ఫై కిలోల లాబ్రడార్ క్రాస్, మా అత్తయ్య గుమ్మంలోకి రాగానే రెండు కాళ్ళూ ఆవిడ భుజాల మీద పెట్టేవాడు. వాడికి మేము నేర్పింది ఒక్కటే, మనిషొస్తే నాలుగు కాళ్ళూ నేల మీదుండాలి. కూర్చోవాలని కూడా పట్టుబట్టలేదు. అంత హుషారులో ఉన్న కుక్కని కూర్చోబెట్టడం కష్టం, కూర్చున్నా స్ప్రింగు నొక్కి పెట్టినట్టే ఉంటుంది. నిలబడి తోక ఊపుతున్నా నాకు చాలు అనుకున్నా.

అసలు కిటుకు ట్రీట్ ఎప్పుడిస్తున్నారు, ఎక్కడ పెడుతున్నారు అన్నదే. శనగ గింజంత చిన్న ముక్కలు, మామూలు తిండి కాకుండా వాడు పడి చచ్చేది ఏదైనా, ఒక డబ్బాలో తలుపు దగ్గరే పెట్టుకోండి. మనిషి కనబడగానే, కుక్క ఇంకా ఎగరకముందే, ఒక ముక్క దాని ముందు కాళ్ళ దగ్గర నేల మీద పెట్టండి. చేతిలో ఎత్తి పట్టుకుంటే దాని తల పైకి లేస్తుంది, తల వెనకాలే కాళ్ళు లేస్తాయి. నేల మీద పెడితే మూతి కిందకి పోతుంది, మూతి కిందుంటే ఎగరడం కుదరదు. అది తిని తలెత్తేలోపు ఇంకోటి పెట్టాలి. మొదట్లో రెండు మూడు సెకన్లకొకటి పడుతూనే ఉండాలి, ఇంత ఇస్తున్నానేంటి అనిపిస్తుంది, పర్లేదు, ఆ పూట తిండి కాస్త తగ్గించండి. కుదురుగా ఉంటోందనిపించాక మెల్లగా ఎడం పెంచుకుంటూ పోవచ్చు.

ఇక్కడ చాలామంది తెలియకుండా ఇంకోటి నేర్పేస్తారు. కుక్క ఎగురుతుంది, "దిగు" అంటారు, దిగుతుంది, గుడ్ బాయ్ అని ట్రీట్ ఇస్తారు. దానికి అర్థమయ్యేది ఎగిరి, దిగితే, ట్రీట్ అని, మొత్తం కలిపి ఒక పనిలాగా. గుర్తుపట్టడం తేలికే, ఊరికే అలా తాకీ తాకనట్టు ఎగిరి వెంటనే దిగి మీ చేతివైపు చూస్తుంటే ఆ లెక్క నేర్చేసుకున్నట్టే. అందుకని ఎగిరిందంటే ట్రీట్ లేదు, మాట లేదు, వచ్చినవాళ్ళు ఒకడుగు వెనక్కేసి పక్కకి తిరిగిపోవాలి. అది దిగి నాలుగైదు సెకన్లు కుదురుగా ఉన్నాకే మళ్ళీ దగ్గరకి రావాలి. కానీ పదేపదే ఎగురుతోందంటే తప్పు దానిది కాదు, మనిషి మరీ దగ్గరగా ఉన్నాడు లేదా ట్రీట్ లేటవుతోంది, దూరం పెంచాలి.

ఇంకో సంగతి, ఇన్నాళ్ళూ ఎగిరితే పలకరింపు దొరికేది, ఇప్పుడు దొరకట్లేదు కాబట్టి మొదట్లో ఇంకా గట్టిగా ఎగరొచ్చు, మొరగొచ్చు. ఇది పనిచెయ్యట్లేదని అక్కడే మానేస్తారు చాలామంది. ఆ టైంలో ఒక్కసారి జాలిపడి పలకరించారా, గట్టిగా ఎగిరితేనే దొరుకుతుందని దానికి ఖాయమైపోతుంది.

ఇదంతా నిజం చుట్టాలతో మొదలుపెట్టకండి. మేము ముందు ఇంట్లోవాళ్ళతోనే చేశాం, మా ఆవిడ బయటికెళ్ళి తలుపు తీసుకుని లోపలికి రావడం, నేను వాడి కాళ్ళ దగ్గర ముక్కలు పెట్టడం, మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి, చూసేవాళ్ళకి పిచ్చి పట్టిందనిపించేలా. కాలింగ్ బెల్ విడిగా నేర్పాం, ఎందుకంటే వాడికి సగం పూనకం మనిషిని చూడకముందే ఆ మోతకే వచ్చేసేది. బెల్ కొట్టడం, ఎవరూ రాకపోవడం, నేల మీద ముక్కలు చల్లడం. కొన్నాళ్ళకి బెల్ మోగితే తలుపు మీదకి దూకడం మాని నేలంతా వాసన చూస్తూ తిరగడం మొదలెట్టాడు. ఆ తర్వాతే పక్కింటి కుర్రాణ్ణి పిలిచాం.

బయటివాళ్ళతో చేసేటప్పుడు లీష్ ఉండాలి, మెడ బెల్టుకి కాదు, ఛాతీ చుట్టూ వేసే హార్నెస్‌కి. లీష్ మీ చేతిలో వదులుగానే ఉంచండి, బిగించి వెనక్కి లాగితే కుక్క ముందుకే గుంజుతుంది, ముందు కాళ్ళు వాటంతటవే గాల్లోకి లేస్తాయి. వచ్చినవాళ్ళు లీష్ అందనంత దూరంలో ఆగాలి. అది కుదురుగా ఉంటే ఒక్కో అడుగూ దగ్గరకి రావాలి. దగ్గరకొచ్చాక తల మీద కాకుండా గడ్డం కిందో ఛాతీ మీదో రెండు మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసెయ్యాలి. నిమురుతూనే ఉంటే హుషారు మళ్ళీ ఎక్కుతుంది. ట్రీట్ మాత్రం మీరే ఇవ్వండి, చుట్టాల చేతికిస్తే వాళ్ళు చెయ్యి పైకెత్తుతారు, ఇది దాని కోసం ఎగురుతుంది.

నిజం చెప్పాలంటే కుక్క కన్నా మనుషులకి నేర్పడమే కష్టం. మా బావగారు వచ్చినప్పుడల్లా "పర్లేదమ్మా, నాకు కుక్కలంటే ఇష్టం, రానీ" అని రెండు చేతులూ చాపేవారు. పదిమందిలో ఒక్కరు అలా పలకరించినా చాలు, ఈసారి దొరుకుతుందేమోనని ప్రతివాళ్ళ మీదా ట్రై చేస్తూనే ఉంటుంది. చెప్పి చూశా, వినలేదు, దాంతో ఆయనొచ్చినప్పుడు వాణ్ణి ముందే వేరే గదిలో నమలడానికి ఏదో ఒకటిచ్చి వదిలేసి, కాస్త చల్లబడ్డాక లీష్ వేసి తెచ్చేవాణ్ణి. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు వచ్చినా ఇదే పద్ధతి, పక్కాగా నేర్చుకునేదాకా వాళ్ళ మీద ప్రాక్టీస్ వద్దు.

ఒకటి చూసుకోండి, ఎగిరేటప్పుడు తోక కాళ్ళ మధ్య ఉందా, చెవులు వెనక్కి అతుక్కున్నాయా, పెదాలు నాకుతూ మొహం తిప్పుకుంటోందా? అయితే అది సంతోషం కాకపోవచ్చు, భయం అయ్యుండొచ్చు, అప్పుడు దగ్గరకి రానివ్వడమే వద్దు, దూరంగా ఉంచే ట్రీట్లు వెయ్యండి, ట్రైనర్‌కి చూపించండి. మీరు చెప్పినదాన్నిబట్టి అలా అనిపించట్లేదు లెండి, ముందు ఆ బెల్ పనితో మొదలుపెట్టండి, దానికి చుట్టాలెవరూ రానక్కర్లేదు.